రాశి చూడాలా, లగ్నం చూడాలా: ఏది మేలు?

ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండమ్మా. జాతకం ఎప్పుడూ చూపించుకోనివాళ్లకే ఈ నాలుగు మాటలు. ఇక్కడ నల్లకుంటలో 30 ఏళ్లుగా చక్రాలు వేస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది, "రాశి చూస్తారా, లగ్నం చూస్తారా?" అనే.

రాశి అంటే మీరు పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. ఒక్కో దాంట్లో ఆయన సుమారు రెండుంపావు రోజులుంటాడు. లగ్నం అంటే ఆ క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి. అది సుమారు 2 గంటలకే మారిపోతుంది. జాతకంలో ఒకటో ఇల్లు, రెండో ఇల్లు అని లెక్కపెట్టేది ఈ లగ్నం నుంచే.

ఏప్రిల్ 15న హైదరాబాదులో పుట్టిన పిల్లాడిని తీసుకోండి. సూర్యుడు అప్పుడే మేషంలోకి వచ్చి ఉంటాడు, తెల్లవారేది ఆరు దాటిన కొద్ది నిమిషాలకి. సూర్యోదయ వేళకి సూర్యుడున్న రాశే లగ్నం. కాబట్టి 6:20కి పుడితే మేష లగ్నం, అధిపతి కుజుడు, సూర్యుడు లగ్నంలోనే. 5:50కి పుడితే మీన లగ్నం, అధిపతి గురుడు. అదే సూర్యుడు రెండో ఇంట్లో, అంటే ధనస్థానంలో పడతాడు. పెళ్లికి చూసే ఏడో ఇల్లు తుల కాస్తా కన్య అవుతుంది. ఆ అరగంటలో చంద్రుడు కదిలింది పావు డిగ్రీ, అంతే.

ఇప్పుడు వాళ్లమ్మని టైము అడగండి. "పాలపాకెట్లు వచ్చే వేళకండీ" అంటుంది. ఆ మాట మీద నేను ఏడో ఇల్లు చదివితే అది జాతకం కాదు, ఊహ. ఫోన్‌లో వేసుకునేవాళ్లు ఊరి పేరు కూడా చూసుకోండి. హైదరాబాదు బదులు విశాఖపట్నం పడితే లగ్నం లెక్కలో దాదాపు 20 నిమిషాల తేడా.

సూక్ష్మంగా చదవడానికి లగ్నమే మేలు, ఎందుకంటే రాశి ఆ రెండు రోజుల్లో పుట్టినవాళ్లందరికీ ఒకటే. కానీ నమ్మకమైన టైము లేకపోతే నేను రాశి, నక్షత్రం దగ్గరే ఆగిపోతాను. అనుమానమైతే టైముని 15 నిమిషాలు ముందుకీ వెనక్కీ జరిపి చక్రం వేయించండి. లగ్నం మారితే దాని మీద ఇంటింటి ఫలితాలు చెప్పించుకోవద్దు. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి రాశి చూడటం అన్నిటికంటే బలహీనం. మీకు పెట్టింది తాతగారి పేరైతే, దానికీ చంద్రుడికీ ఏం సంబంధం?

ఇంకోటి కూడా చెప్పాలి. గ్రహాలు ఎక్కడున్నాయనేది లెక్క, దాన్ని ఎవరైనా సరిచూడొచ్చు. ఫలితం మాత్రం సంప్రదాయం, నమ్మకం. రుజువు చూపించమంటే నా దగ్గర లేదు. ఒంట్లో బాగోకపోతే ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి.

బర్త్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి. అందులో తేదీ ఉండి టైము లేకపోతే, ఆస్పత్రివాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉందేమో వెతికి, వచ్చే ఆదివారం తీసుకురండి.