ఆఫీసులో చెప్పే ఇరవై నిమిషాల పెట్టుబడి ప్రసంగం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా ఆఫీసులో పెట్టుబడి ఇంకా మొదలుపెట్టని సహోద్యోగులకు నేను ఒక చిన్న ప్రసంగం ఇస్తుంటాను. ఇరవై నిమిషాలు, ఒక వైట్‌బోర్డు, ఆరు వరుసల లెక్క, అంతే. చాలా ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను కాబట్టి ఇందులో ఏ ముక్క పనిచేస్తుందో, ఎక్కడ చాలదో ఇప్పుడు గట్టిగానే చెప్పగలను. మీరూ మీ టీమ్‌కి ఇలాంటిదేదో చెప్పాలనుకుంటే, లేదా మీకు మీరే చెప్పుకోవాలనుకుంటే, పనికొస్తుందని రాస్తున్నాను.

ఇందులో చక్రవడ్డీ గ్రాఫు ఉండదు. ముప్పై ఏళ్ల తర్వాత ఇంత అవుతుందని చూపిస్తే అందరూ బాగుందంటారు, ఎవరూ మొదలుపెట్టరు. లాభం వస్తుందా రాదా అన్నది వాళ్ల సందేహం కాదు. "నేను పెట్టిన మర్నాడే పడిపోతే?" అన్నదే అసలు భయం. అందుకే ప్రసంగం పతనంతోనే మొదలవుతుంది.

బోర్డు మీద ఒక ఇండెక్స్ ఫండ్, అంటే ఒక మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో డబ్బు పెట్టే ఫండ్, దాని యూనిట్ ధర ఆరు నెలల పాటు రాస్తాను: 100, 80, 50, 50, 80, 100. ఇవి నేను కల్పించిన అంకెలని ముందే చెబుతాను. నెలకు 1,000 చొప్పున వాయిదా కడుతున్నామనుకుందాం. మొదటి నెల 10 యూనిట్లు వస్తాయి, రెండో నెల 12.5, మూడో నెల 20. ఇక్కడ ఆగి అడుగుతాను: "ఇప్పుడు మీ ఫోన్‌లో ఏం కనిపిస్తుంది?" చేతిలో 42.5 యూనిట్లు, ఒక్కోటి 50. అంటే పెట్టింది 3,000, కనిపించేది 2,125. ఎర్ర అక్షరాల్లో మైనస్ 875.

ఈ చోట గదిలో అందరూ మౌనంగా ఉంటారు. నేనూ తొందరపడను. ఈ 875 దగ్గర మనిషి ఏం చేస్తాడన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. టెన్షన్‌తో అమ్మేసినవాడికి 2,125 చేతికొస్తుంది, నష్టం ఖాయమైపోతుంది. వాయిదా ఆపేసి, ఉన్నవి అమ్మకుండా కూర్చున్నవాడికి ఆరో నెలలో ధర మళ్లీ 100కు వచ్చేసరికి 3,000 కాస్తా 4,250 అవుతుంది. ఏమీ మార్చకుండా వాయిదా కట్టుకుంటూ పోయినవాడికి నాలుగో నెల ఇంకో 20, ఐదో నెల 12.5, ఆరో నెల 10 కలిసి మొత్తం 85 యూనిట్లు అవుతాయి. పెట్టింది 6,000, విలువ 8,500. ధర చివరికి మొదలైన చోటికే వచ్చింది, ఒక్క పైసా పైకి వెళ్లలేదు. అయినా లాభం వచ్చింది, ఎందుకంటే ఎక్కువ యూనిట్లు వచ్చింది చవకగా ఉన్న నెలల్లోనే.

ప్రసంగం మొత్తంలో బాగా పనిచేసే భాగం ఇదే. వాళ్ల చేతే క్యాలిక్యులేటర్‌లో కొట్టిస్తే ఇంకా బాగా ఎక్కుతుంది. కాకపోతే ఒక మాట దాచకూడదు: ధర ఆగకుండా పెరుగుతూ పోయే కాలంలో ఈ పద్ధతి, మొత్తం ఒకేసారి పెట్టడం కంటే తక్కువే ఇస్తుంది. పడి లేచినప్పుడే దీని బలం కనిపిస్తుంది. పడి లేవకపోతే ఇది కూడా కాపాడదు.

అక్కడే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మరి లేవకపోతే ఏంటండీ?" అని. మంచి ప్రశ్న, దీన్ని దాటేయకూడదు. అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు సగానికి పైగా, దాదాపు 57 శాతం పడింది. పాత ఎత్తుకు తిరిగి రావడానికి 2013 దాకా పట్టింది. అదే సూచీ 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 34 శాతం దాకా పడి, ఆగస్టుకల్లా కోలుకుంది. జపాన్ నిక్కీ సూచీ మాత్రం 1989 చివర్లో తాకిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024లోనే. ఈ మూడూ చెబుతాను. నిక్కీని వదిలేసి మిగతా రెండే చెబితే అది ప్రసంగం కాదు, అమ్మకం.

నిక్కీ కథలో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది, ఉన్నదంతా 1989 చివర్లో ఒకేసారి ఒకే దేశంలో పెట్టినవాళ్లు. ఆ తర్వాతి కింది ధరల్లో నెలనెలా కొన్నవాళ్ల పరిస్థితి వేరు, డివిడెండ్లు కలుపుకుంటే ఇంకాస్త వేరు. అందుకే నేను నెలవారీ వాయిదాతో పాటు ఒకే దేశానికి, ఒకే రంగానికి కట్టుబడని ఫండ్‌నే చెబుతాను.

ధర తగ్గడం ఒకటి, డబ్బు పూర్తిగా పోవడం ఇంకొకటి. ఈ తేడా చెప్పడానికి అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2001లో ఆ కంపెనీ దివాలా తీసినప్పుడు, చాలామంది ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపులో పెద్ద వాటా ఆ కంపెనీ షేర్లలోనే ఉంది. ఉద్యోగం, పొదుపు రెండూ ఒకేసారి పోయాయి. వందల కంపెనీలున్న సూచీలో ఒక కంపెనీ సున్నా అయితే ఆ మేరకే తగ్గుతుంది, దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. ఆఫీసు జనానికి ఇది సూటిగా తగులుతుంది, ఎందుకంటే తెలిసిన కంపెనీ కదా అని సొంత కంపెనీ షేర్లే కొనాలనిపించడం సహజం. జీతం ఇప్పటికే అక్కడి నుంచే వస్తోంది, పొదుపు కూడా అక్కడే పెట్టకండి అని చెబుతాను.

భయం గురించి ఇంకొక్క సంగతి. నష్టం కలిగించే బాధ, అంతే లాభం ఇచ్చే ఆనందం కంటే దాదాపు రెండింతలు ఉంటుందని మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీల పరిశోధన చెప్పింది. దీన్ని ధరలు చూసే అలవాటుతో కలిపి ఆలోచించండి. షేర్ మార్కెట్ రోజుల్లో లాభంతో ముగిసేవి సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. రోజూ ఫోన్ తీసి చూసేవాడికి దాదాపు రోజు విడిచి రోజు ఎరుపే కనిపిస్తుంది, దాని బాధ రెండింతలు. ఏడాదికోసారి చూసేవాడికి, అమెరికా మార్కెట్ దీర్ఘకాల చరిత్ర ప్రకారం, నాలుగింట దాదాపు మూడు సార్లు లాభమే కనిపిస్తుంది. ఫండ్ అదే, మార్కెట్ అదే. అందుకే మొదలుపెట్టిన రోజునే యాప్ నోటిఫికేషన్లు ఆఫ్ చేయమంటాను. ప్రసంగం విని మొదలుపెట్టినవాళ్లలో నాకు బాగా తెలిసినంతవరకు, నిలబడినవాళ్లకూ మధ్యలో మానేసినవాళ్లకూ ఉన్న పెద్ద తేడా తెలివితేటలు కాదు, ఈ చూసే అలవాటే.

ఇక "నాకు ఏమీ తెలియదు" అనేవాళ్ల సంగతి. వీళ్లకు నేను బాలెన్స్ షీట్లు చదవడం నేర్పను. ఒక ఫండ్ కాగితం ముందు పెట్టి నాలుగు విషయాలు వెతకమంటాను: లోపల ఏముంది, ఏటా ఖర్చు ఎంత, ఎప్పుడు తీసుకోవచ్చు, ఫండ్ కంపెనీ మూతపడితే ఆస్తులు ఎవరి దగ్గర ఉంటాయి. నియంత్రణ సంస్థ కింద ఉన్న ఫండ్ల ఆస్తులను మామూలుగా కంపెనీ సొంత ఆస్తులతో కలపకుండా విడిగా, వేరే సంస్థ భద్రపరుస్తుంది. ఇది తెలియగానే "కంపెనీ పారిపోతే?" అన్న భయం సగం పోతుంది. ఈ నాలుగో జవాబు దొరకని పథకం ఏదైనా, ఎంత రాబడి చెప్పినా, పక్కన పెట్టేయమంటాను.

ఖర్చు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నెలకు 1,000 చొప్పున 25 ఏళ్లు కడితే పెట్టేది 3 లక్షలు. ఏటా 8 శాతం వస్తుందనుకుంటే అది దాదాపు 9.5 లక్షలవుతుంది. అదే రాబడిలోంచి ఫండ్ ఏటా ఒక్క శాతం అదనంగా తీసుకుంటే మీకు మిగిలేది 7 శాతం, చివరికి దాదాపు 8.1 లక్షలు. ఒక్క శాతమే కదా అనుకున్నది లక్షా నలభై వేలు మింగింది. 8 శాతం అన్నది లెక్క కోసం అనుకున్నదే, హామీ కాదు. కానీ ఖర్చు మాత్రం మార్కెట్ పడినా లేచినా కచ్చితంగా కోస్తారు. రేపు మార్కెట్ ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఖర్చు మాత్రం ఈరోజే తెలుస్తుంది. తెలియని వాటి గురించి భయపడే కొత్తవాళ్లకు ఇది నిజంగా ఊరటనిస్తుందని చాలాసార్లు గమనించాను.

ఇప్పుడు లోపాలు. ఈ ప్రసంగం మొదలుపెట్టించడానికి బాగుంటుంది, చివరి సంవత్సరాలకు సరిపోదు. బోర్డు మీది ఆరు నెలల లెక్కలో కొత్త వాయిదాలు మొత్తంలో పెద్ద భాగం, కాబట్టి పతనం మేలు చేసింది. 20 ఏళ్లు కట్టి 5 లక్షలు పోగైనవాడికి మార్కెట్ సగానికి పడితే రెండున్నర లక్షలు తగ్గుతాయి. ఆ నెల చవకగా కొన్న 1,000 వాయిదా దాని ముందు ఏ మూలకు? అందుకే డబ్బు అవసరమయ్యే తేదీ దగ్గరపడేకొద్దీ, ఐదారేళ్ల ముందు నుంచే, కొద్దికొద్దిగా డిపాజిట్లు, స్వల్పకాలిక బాండ్లలోకి మార్చుకోవాలి. కొత్తవాళ్లకు ఈ మాట ఎక్కదు, అవసరం ఇరవై ఏళ్ల దూరంలో ఉంది మరి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కూర్చోబెట్టి చెప్పాల్సిందే. ఒక్క ప్రసంగంలో అయ్యే పని కాదిది.

రెండో లోపం, ఇది అందరికీ పనికిరాదు. ఒకసారి ప్రసంగం అయిపోగానే ఒక జూనియర్ వచ్చి, "సార్, ఈ నెల నుంచే మొదలుపెడతా" అన్నాడు. కార్డు బాకీ ఏమైనా ఉందా అని అడిగితే, ప్రతి నెలా మినిమమ్ మాత్రమే కడుతున్నానన్నాడు. కార్డు వేసే వడ్డీని ఏ ఫండూ నమ్మకంగా సంపాదించి పెట్టలేదు. ముందు ఆ బాకీ తీర్చు, తర్వాత మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచుకో, ఆ తర్వాత రా అన్నాను. ఆ డబ్బు లేనివాడు మార్కెట్ పడిన నెలలోనే ఉద్యోగం పోయో ఆసుపత్రి ఖర్చు వచ్చో అమ్ముకోవాల్సి వస్తుంది, అప్పుడు బోర్డు మీది మైనస్ 875 నిజమైన నష్టమవుతుంది. ఇప్పుడు ఈ రెండు ప్రశ్నలూ ప్రసంగానికి ముందే అడుగుతున్నాను.

చివర్లో అందరి చేతా ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయిస్తాను: ఈ డబ్బు దేనికోసం, ఏ సంవత్సరంలో కావాలి, ఏ కారణం వస్తే అమ్ముతాను. "ధర పడింది" అన్నది మూడో వాక్యంలో కారణంగా రాయడానికి ఒప్పుకోను. కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది. మార్కెట్ బాగా పడిన వారాల్లో నా సీటు దగ్గరికి వచ్చి "అమ్మేయమంటారా?" అని అడిగితే, ముందు ఆ కాగితం తెచ్చుకోమంటాను.