నిమ్మకాయ బ్యాటరీ, ఉడికించిన బంగాళాదుంప బ్యాటరీ: వీడియోలో ఏది చూపాలి?

ఈ రెండు బ్యాటరీలకూ కావాల్సిన జింకు పూత మేకులు అమలాపురంలో ఏ ఇనుప సామాన్ల కొట్టులో అడిగినా ఇస్తారు. మేకును, పైతొడుగు ఒలిచిన రాగి తీగను ఒకదానికొకటి తగలకుండా గుచ్చితే నిమ్మకాయైనా, దుంపైనా దాదాపు 0.9 వోల్టులే ఇస్తుంది. వోల్టేజీని ప్రధానంగా నిర్ణయించేది లోహాల జంట.

తేడా కరెంటులో వస్తుంది. నిమ్మ తొనల పొరలు రసంలో కరెంటును మోసే అయాన్లకు అడ్డుపడతాయి. అరచేత్తో గట్టిగా దొర్లిస్తే కొంత నయం. బంగాళాదుంపను ఉడికిస్తే కణాల పొరలే చిట్లుతాయి, కరెంటు పచ్చి దుంపకంటే బాగా పెరుగుతుంది. అందుకే వీడియోకి నా ఓటు ఉడికించిన దుంపకే.

ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 1.8 వోల్టులు కావాలి కనుక మేకు, రాగి గుచ్చిన మూడు దుంప ముక్కలను వరుసగా, మేకు నుంచి పక్క ముక్క రాగికి కలపండి; చివర్లలో మిగిలిన రాగికి, మేకుకు ఎల్‌ఈడీ కాళ్లు తగిలించండి. గది చీకటి చేయండి, వెలుగు మసకగానే ఉంటుంది. అసలే వెలగకపోతే ఎల్‌ఈడీ పొడవు కాలు చివరి రాగి వైపుందో లేదో చూడండి. జింకు కరిగిన ఆ ముక్కలను తినకూడదు, పారేయండి.