ఆ సాయంత్రమే నాలుగు వాక్యాలా, పెద్దకర్మ నాటికి నిండు ప్రకటనా?

కందుకూరులోని మా గ్రంథాలయ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరైన పెద్దాయన తెల్లవారుజామున కన్నుమూసినప్పుడు, సంతాప ప్రకటన విషయంలో కార్యవర్గం రెండుగా చీలింది.

వెంటనే ఇచ్చే ప్రకటనలో మరణించిన తేదీ, అంతిమయాత్ర బయలుదేరే చోటు, సమయం, సంఘం బాధ్యతలు ప్రస్తుతం ఎవరు చూస్తారన్నది ఉంటే చాలు. అయితే కుటుంబం ఒప్పుకోకుండా మరణకారణం రాయకూడదు, దూరాన ఉన్న పిల్లలకు కబురు అందిందని తెలిసేదాకా దాన్ని బయటికి పంపకూడదు.

పది రోజులు ఆగి రాసే ప్రకటనకు ఆయన జీవితమంతా పడుతుంది గానీ, అంతకాలం సంఘం నోరు విప్పకపోతే ఆ ఖాళీని వదంతులు నింపుతాయి.

తొందరలో జరిగే పొరపాటు ఎలాంటిదో మా మొదటి చిత్తుప్రతిలోనే కనిపించింది. అందులో గ్రంథాలయాన్ని ఆయన 1978లో ఒంటరిగా స్థాపించారని ఉంది. పాత మినిట్స్ పుస్తకం తెరిస్తే మొదటి పుటలో ఏడు సంతకాలున్నాయి, ఆయనది మూడోది, సంవత్సరం 1979. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ వాక్యం అలాగే వెళ్లి ఉంటే వారి మనసు ఎంత నొచ్చుకునేదో!

నాలుగు వాక్యాల ప్రకటనలో స్థాపన కథే ఉండదు కాబట్టి అలాంటి పొరపాటుకు చోటుండదు; అందుకే నేను మొదటిదాని వైపే మొగ్గాను. ఆ సాయంత్రం నాలుగు వాక్యాలే పంపి, స్థాపన కథను సంస్మరణ సభకు వదిలి, దాన్ని ఆ ఇద్దరికీ చదివి వినిపించాకే అచ్చుకిచ్చాము.