డిజైన్ మారిన సరుకుకు పాత లిస్టింగే ఉంచాలా, కొత్తది తెరవాలా?

ఆన్‌లైన్‌లో స్టీల్ లంచ్ బాక్సులు అమ్మే ఒక చిన్న వ్యాపారిని ఉదాహరణగా తీసుకుందాం. మూడేళ్లుగా ఆయన అమ్ముతున్న డబ్బాకు నాలుగు వైపులా ప్లాస్టిక్ క్లిప్పులు, మూత లోపల ఒక సిలికాన్ రింగు ఉండేవి. ఆ పేజీ మీద కొన్ని వందల రివ్యూలు చేరాయి. ఈసారి సప్లయర్ పంపిన సరుకులో క్లిప్పులు పోయి, మర తిప్పి బిగించే మూత వచ్చింది. అట్టపెట్టెకు బదులు ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. డబ్బా పరిమాణం, స్టీల్ మందం, ధర మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆయన ముందు మూడు దారులున్నాయి. పాత పేజీలోనే ఫొటోలు, వివరణ మార్చి అమ్మకం కొనసాగించడం ఒకటి. కొత్త సరుకును పాత పేజీకి అనుబంధ రకంగా, అంటే వేరియేషన్‌గా, తగిలించడం రెండవది. కొత్త కోడ్‌తో విడిగా లిస్టింగ్ తెరిచి పాతదాన్ని క్రమంగా ముగించడం మూడవది.

ఏది మేలో తేల్చడానికి ముందు పాత రివ్యూలు చదవాలి. సగటు నక్షత్రాల అంకె ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎందుకంటే అది ఏ భాగం గురించి వచ్చిందో చెప్పదు. ఇటీవలి వంద రివ్యూలను తీసుకుని, మారిన భాగం ప్రస్తావన ఉన్నవాటిని ఒక పక్కకు, లేనివాటిని మరో పక్కకు పెట్టాలి. మన లంచ్ బాక్సు విషయంలో మొదటి కుప్పలో రెండు రకాల మాటలు కనిపిస్తాయి. "సాంబారు కారి బ్యాగంతా తడిసింది", "రెండు నెలలకే క్లిప్పు విరిగింది" అనేవి ఒక రకం. "మా ఒకటో తరగతి పాప తానే తీసుకుని తింటుంది", "ఒక్క చేత్తో తెరవచ్చు" అనేవి రెండో రకం.

అమ్మకందారులు సాధారణంగా మొదటి రకం గురించే బాధపడతారు, సరిచేసిన లోపానికి ఇంకా నింద మోయాల్సి వస్తోందని. నిజానికి ఎక్కువ హాని చేసేది రెండో రకమని నా అభిప్రాయం. తీరిపోయిన లోపం గురించిన ఫిర్యాదు చదివి ఒకరు కొనకుండా వెళ్లిపోతే పోయేది ఒక అమ్మకమే. లేని సౌకర్యం గురించిన పొగడ్త చదివి ఒక తల్లి కొంటే, ఆరేళ్ల బిడ్డ బిగుసుకుపోయిన మర మూత తీయలేక బడిలో మధ్యాహ్నం తినకుండా ఉండిపోతుంది, డబ్బా రిటర్న్ వస్తుంది, దానితోపాటు "ఫొటోలో ఉన్నది వేరు, పంపింది వేరు" అనే కొత్త రివ్యూ కూడా వస్తుంది.

మొదటి దారి, అంటే పాత పేజీనే దిద్దుకోవడం, పైకవరు మాత్రమే మారినప్పుడు సరైనది. అట్టపెట్టె పోయి సంచి వస్తే డబ్బా పనితీరు మారదు, కాబట్టి పాత రివ్యూలలో అధిక భాగం ఇంకా నిజమే. అప్పుడు సంచిలో ఉన్న సరుకు ఫొటో ఒకటి చేర్చి, ప్యాకింగ్ మారిందని, లోపలి వస్తువు అదేనని వివరణలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ఈ వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. దాంతో పాత రివ్యూలలో అట్టపెట్టె ఫొటోలు చూసిన కొనుగోలుదారు తనకు సంచిలో వచ్చినదాన్ని నకిలీ అనుకుంటాడు. "బహుమతిగా ఇవ్వడానికి పెట్టె బాగుంది" వంటి రివ్యూలు గణనీయంగా ఉంటే మాత్రం ప్యాకింగ్ కూడా సరుకులో భాగమే అయినట్టు. అప్పుడు ఆ మార్పును వివరణ అడుగున కాక మొదటి పాయింటులోనే చెప్పాలి.

మూత లాంటి భాగం మారినప్పుడు ఇదే దారి పట్టడంలో మూడు చిక్కులున్నాయి. పేజీలో ఫొటో మారుతుంది గాని కింద ఉన్న రివ్యూలు, వాటితో కొనుగోలుదారులు పెట్టిన ఫొటోలు మారవు. పేజీ ఒకటి చెబుతుంది, రివ్యూలు మరొకటి చెబుతాయి. రెండవది, అమెజాన్ వంటి చోట ఒకే ఏసిన్, అంటే ఒకే ఉత్పత్తి పేజీ నంబరు, కింద అనేకమంది అమ్మవచ్చు. మనం మర మూత ఫొటో పెట్టిన రోజున మరో అమ్మకందారు దగ్గర క్లిప్పుల డబ్బాలు ఇంకా మిగిలి ఉంటే, ఆయన కొనుగోలుదారులందరికీ తప్పు సరుకు వెళుతుంది. మూడవది మన సొంత స్టాకు. గోదాములో పాతవి నలభై, కొత్తవి రెండు వందలు ఒకే బార్‌కోడ్ కింద కలిసిపోతే, ఏ ఆర్డరుకు ఏది వెళుతుందో మనకే తెలియదు. రిటర్న్ కారణాల్లో "వివరణకు సరిపోలేదు" అనేది ఒక్కసారిగా పెరిగిందంటే, ముందుగా అనుమానించవలసింది ఈ కలగాపులగాన్నే.

రెండవ దారి చూడ్డానికి తెలివైనదిగా ఉంటుంది. పాత పేజీ కింద "క్లిప్ మూత", "మర మూత" అని రెండు ఎంపికలు పెడితే కొనుగోలుదారుకు స్పష్టత, మనకు పాత రివ్యూల బలం రెండూ దక్కుతాయనిపిస్తుంది. కాని వేరియేషన్ ఉన్నది రంగు, సైజు వంటి తేడాలకు, అంటే ఒకదాని గురించి రాసిన మాట మరొకదానికీ వర్తించే సందర్భాలకు. పాత మోడల్ కింద కొత్త మోడల్‌ను తగిలించడాన్ని అమెజాన్ నిబంధనలు వేరియేషన్ దుర్వినియోగంగానే చూస్తాయి. పట్టుబడితే రెండు పేజీలనూ విడదీయడమే కాక, అమ్మకందారు ఖాతా మీద చర్య కూడా ఉండవచ్చు. అమెరికాలో ఈ పద్ధతి నియంత్రణ సంస్థ దాకా వెళ్లింది. విటమిన్లు, సప్లిమెంట్లు అమ్మే బౌంటిఫుల్ కంపెనీ తన కొత్త ఉత్పత్తులను బాగా అమ్ముడవుతున్న వేరే ఉత్పత్తులతో అమెజాన్‌లో వేరియేషన్లుగా కలిపి, వాటి రివ్యూలు, రేటింగులు కొత్తవాటికి ఉన్నట్టు చూపిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 6 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. మన వ్యాపారి ఉద్దేశం అది కాకపోవచ్చు, కాని పేజీ చదివేవారికి కలిగే భ్రమ ఒకటే. క్లిప్ మూత, మర మూత రెండూ ఇకముందు కూడా సమాంతరంగా తయారవుతూ, కొనేవారు నిజంగా ఎంచుకునే వీలుంటే వేరియేషన్ గురించి ఆలోచించవచ్చు. ఒకటి ఆగిపోయి దాని స్థానంలో రెండవది వచ్చినప్పుడు మాత్రం అది ఎంపిక కాదు, వారసత్వం.

కాబట్టి మన లంచ్ బాక్సుకు మూడవ దారే మేలని నా నిర్ణయం, దానికయ్యే ఖర్చు తక్కువేమీ కాకపోయినా. సున్నా రివ్యూలతో మొదలైన పేజీ వెతుకులాటలో వెనకబడుతుంది. మొదటి కొన్ని వారాలు అమ్మకం పడిపోతుంది, ప్రకటనల ఖర్చు పెరుగుతుంది. ఈ నష్టాన్ని పూర్తిగా తప్పించలేము గాని, పని చేసే క్రమాన్ని బట్టి తగ్గించుకోవచ్చు.

క్రమంలో మొదటిది బార్‌కోడ్. చాలామంది సప్లయర్లు డిజైన్ మార్చి పాత బార్‌కోడ్‌నే ముద్రిస్తారు. అదే నంబరుతో కొత్త లిస్టింగ్ తెరవబోతే, ఆ నంబరు ఇప్పటికే పాత పేజీకి చెంది ఉన్నందున వ్యవస్థ మనల్ని తిరిగి అక్కడికే తీసుకుపోతుంది. బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 సంస్థ నియమాల ప్రకారం, ప్రకటించిన పనితీరు గాని నికర పరిమాణం గాని మారితే కొత్త నంబరు కావాలి. కొలతలలో ఏదైనా ఒక వైపు గాని, మొత్తం బరువు గాని 20 శాతానికి మించి మారినా కావాలి. ముద్రించిన బొమ్మ కొద్దిగా మారినంత మాత్రాన అక్కర్లేదు. ఈ నియమం రవాణా, గోదాము అవసరాలను కూడా దృష్టిలో పెట్టుకున్నది కనుక రివ్యూల ప్రశ్నకు అచ్చంగా సరిపోదు. అట్టపెట్టె పోయి సంచి రావడం వల్ల కొలతలు 20 శాతం దాటి తగ్గి కొత్త నంబరు అవసరం కావచ్చు, కాని రివ్యూలు మాత్రం చెల్లుతూనే ఉంటాయి. మూత మార్పుకు రెండు లెక్కల్లోనూ కొత్తదే కావాలి. దీన్ని సప్లయర్‌తో ముందే మాట్లాడుకుని, తదుపరి లాటు ముద్రణకు వెళ్లకముందే కొత్త నంబరు అడగాలి. అంతేకాదు, డిజైన్, ప్యాకింగ్, పరిమాణంలో ఏ మార్పు చేసినా సరుకు బయలుదేరే ముందు నమూనా పంపాలని కొనుగోలు ఆర్డరులోనే రాసుకోవడం మంచిది. లేకపోతే మార్పు సంగతి మొదట మనకు చెప్పేది కొనుగోలుదారే అవుతాడు.

రెండవది పాత స్టాకు. కొత్త లాటు గోదాముకు చేరకముందే పాత నలభై డబ్బాలను విడిగా లెక్కపెట్టి, పాత ఎస్‌కేయూ, అంటే మనం ఆ సరుకుకు పెట్టుకున్న స్టాకు కోడ్, కిందే ఉంచాలి. వాటిని త్వరగా అమ్మేయాలనుకుంటే ధర తగ్గించవచ్చు, కాని పేజీ వివరణలో మాత్రం క్లిప్పులే ఉండాలి. ఆ పేజీలోని రివ్యూలు ఆ సరుకువే, అక్కడ సర్దుబాటు చేయవలసింది ఏమీ లేదు. స్టాకు సున్నాకు చేరాక ఆ పేజీలో మన అమ్మకం మూసివేస్తే పేజీ క్యాటలాగులో ఉండిపోతుంది, పాత కొనుగోలుదారు తన ఆర్డరు నుంచి దాన్ని చూడగలుగుతాడు. అమెజాన్‌లో ఒక ఉత్పత్తికి కొత్త మోడల్ వచ్చిందని పాత పేజీలో సూచించే ఏర్పాటు ఉంది. బ్రాండు యజమాని సపోర్టు విభాగాన్ని అడిగి దాన్ని పెట్టించుకోవచ్చు. పాత పేజీకి వచ్చే చూపరులను రివ్యూలు కలపకుండానే కొత్తదానికి తీసుకురావడానికి ఇది నిజాయితీ ఉన్న వంతెన.

మూడవది కొత్త పేజీ రాత. "మెరుగైన మూత" అని ఊరుకోకుండా ఏం పోయిందో కూడా రాయాలి. "క్లిప్పులకు బదులు మర మూత. ద్రవ పదార్థాలకు అనువైనది. బిగుతుగా ఉండడం వల్ల చిన్న పిల్లలు తెరవడానికి సాయం అవసరం కావచ్చు" అని రాస్తే, పాత డబ్బాకు అలవాటుపడి మళ్లీ కొనడానికి వచ్చినవారు ముందే తెలుసుకుంటారు. మొదటి రివ్యూల కోసం అమెజాన్ అమ్మకందారులు వాడే సెల్లర్ సెంట్రల్ సైటులో, డెలివరీ అయిన 5 నుంచి 30 రోజుల మధ్య, ప్రతి ఆర్డరుకూ రివ్యూ అభ్యర్థన పంపే బటన్ ఉంది. సంతోషంగా ఉన్నట్టు కనిపించినవారికే కాక అందరికీ పంపాలి.

సొంత వెబ్‌సైటులో అమ్మేవారికి ఇంకొక వెసులుబాటు ఉంది. అక్కడ రివ్యూల ప్రదర్శన మన చేతిలోనే ఉంటుంది కనుక, పాత రివ్యూలను తొలగించకుండా ప్రతిదాని మీదా "పాత క్లిప్ మూత మోడల్ గురించి" అనే గుర్తు వేసి, సగటు రేటింగును కొత్త మోడల్ రివ్యూలతోనే లెక్కించవచ్చు. గుర్తు వేసి సగటులో మాత్రం పాతవాటినీ కలిపితే ఆ గుర్తుకు అర్థం లేదు, ఎందుకంటే జాబితా పేజీలో కనిపించేది అంకె ఒక్కటే. చెడ్డ రివ్యూలకే "పాత మోడల్" అని గుర్తు వేసి మంచివాటిని వదిలేయడం కూడా అలాంటిదే. ఏ తేదీ తర్వాతి ఆర్డర్లకు కొత్త మూత వెళ్లిందో ఆ తేదీ ఆధారంగానే గుర్తు పడాలి, రివ్యూ రాసిన తేదీని బట్టి కాదు. ఎందుకంటే జనవరిలో కొన్న పాత డబ్బాకు ఏప్రిల్‌లో రివ్యూ రాసేవారు ఉంటారు.

పాత ఎస్‌కేయూను మూసిన వెంటనే తొలగించే ఉత్సాహం చూపకూడదు. ఆఖరి ఆర్డర్ల రిటర్నులు ఇంకొన్ని వారాలు వస్తూనే ఉంటాయి. ఆ క్లిప్ డబ్బాలు చేరవలసిన చోటు మూసేస్తే, తొందరలో ఉన్న గోదాము మనిషి వాటిని కొత్త మర మూతల అరలోనే పెట్టేస్తాడు.