చిన్న ఓవెన్‌తో అమ్మకం మొదలుపెట్టేవారికి ఏది మేలు: క్రీమ్ కేకులా, బిస్కట్లా, పండుగ డబ్బాలా?

ఇంట్లో 30 లీటర్ల ఓటీజీ ఓవెన్ ఉండి, తాము చేసిన కేకులు బంధుమిత్రుల మెప్పు పొందిన తరువాత, వాటిని అమ్మడం మొదలుపెడదామనుకొనేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. పుట్టినరోజు కేకులతో మొదలుపెట్టాలా, బిస్కట్లతోనా, లేక దీపావళికీ క్రిస్మస్‌కూ పండుగ డబ్బాలు కట్టి ఇవ్వడం మేలా అని వారి సందేహం. చాలామంది దీనిని కిలోకు ఎంత మిగులుతుందన్న లెక్కతో తేల్చుకోవాలని చూస్తారు. ఆ లెక్క అవసరమే గాని, చిన్న ఓవెన్ ఉన్నవారు దానికంటే ముందు చూసుకోవలసినది, చేసిన పదార్థం ఎన్నాళ్లు నిలువ ఉంటుంది, దానిని ఎంత ముందుగా చేసిపెట్టుకోవచ్చు అన్నదేనని నా అభిప్రాయం.

ఆర్డర్లు వారమంతా సమానంగా రావు. పండుగ ముందు రోజునో, శనివారం సాయంత్రమో అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. ఓవెన్ మాత్రం ఆ రోజూ ఒక వాయికి ఒక ట్రేనే పట్టుకుంటుంది. లోపల గాలి తిప్పే ఫ్యాన్ ఉన్నా, చిన్న ఓటీజీలో రెండు ట్రేలు ఒకదానిపై ఒకటి పెడితే పై ట్రేలోవి పైభాగాన మాడుతుండగా కింది ట్రేలోవి తెల్లగానే ఉండిపోతాయి. అందువల్ల ఒక రోజులో ఎంత చేయగలమన్నదానికి పరిమితి ఉంది. ఆ పరిమితిని దాటాలంటే పనిని ముందు రోజులకు పంచుకోవడం ఒక్కటే మార్గం.

ఈ దృష్టితో చూస్తే క్రీమ్ కేకు కొత్తవారికి కష్టమైనది. కిలో కేకుకు కావలసిన స్పాంజి 7 అంగుళాల టిన్నులో 35 నుంచి 40 నిమిషాలలో తయారవుతుంది కనుక ఇక్కడ ఇబ్బంది ఓవెన్ వల్ల రాదు. స్పాంజి పూర్తిగా చల్లారడానికి కనీసం రెండు గంటలు పడుతుంది. వెచ్చగా ఉండగానే క్రీమ్ రాస్తే పొరలు జారిపోతాయి. ఆ తరువాత క్రీమ్ గిలక్కొట్టడం, పొరలు పేర్చడం, అలంకరించడం, మళ్లీ ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వడం ఉన్నాయి. ఇంటి అవసరాలకు వాడుకునే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పాలు, కూరగాయలు సర్దిన తరువాత రెండు కేకు డబ్బాలకు మించి చోటు దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ వంటి ఊళ్లో మధ్యాహ్నం బండి మీద అరగంట ప్రయాణం చేసిన కేకు మీద పువ్వులు అలాగే నిలుస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కేకుకు అనుకూలమైన విషయాలూ లేకపోలేదు. పుట్టినరోజులు ఏడాది పొడవునా వస్తాయి, ముందుగా సొమ్ము తీసుకొని చేస్తే సరుకు మిగిలిపోదు, ఒక్క ఆర్డరు మీద వచ్చే లాభమూ ఎక్కువే. కాని ఒక్క కేకు పాడైతే పోయేది సరుకు ఒక్కటే కాదు, ఒక పిల్లవాడి పుట్టినరోజు కూడా. చేయి తిరగనివారు ఆ భారాన్ని మొదటి నెలల్లోనే ఎత్తుకోవడం నాకు ఇష్టం లేదు.

బిస్కట్ల సంగతి వేరు. నాన్‌ఖటాయ్‌నే తీసుకుందాం. 200 గ్రాముల మైదా, 50 గ్రాముల శనగపిండి, 25 గ్రాముల బొంబాయి రవ్వ, 125 గ్రాముల పంచదార పొడి, 150 గ్రాముల నెయ్యి, కొద్దిగా యాలకుల పొడి, చిటికెడు వంటసోడా కలిపితే ముద్ద 550 గ్రాములు అవుతుంది. 25 గ్రాముల ఉండలు చేసి కొద్దిగా వత్తి, మధ్యమధ్య ఎడం ఉంచి ట్రేలో పెడితే ఒక వాయికి 16 పడతాయి. 160 డిగ్రీల వేడిలో 18 నుంచి 20 నిమిషాలు కాలిన తరువాత అవి 370 గ్రాముల వరకు తూగుతాయి. ట్రే మార్చే సమయంతో కలిపి వాయికి 25 నిమిషాలనుకుంటే, దీపావళికి ఐదు కిలోల ఆర్డరు వచ్చినప్పుడు 14 వాయిలు, అంటే దాదాపు ఆరు గంటల ఓవెన్ పని ఉంటుంది. ఒక్క రోజులో చేయబోతే మనిషి అలసిపోతుంది, చివరి వాయిలు మాడిపోతాయి. అదే పనిని నాలుగు సాయంత్రాలకు పంచితే రోజుకు రెండు గంటలకు మించదు. గాలి చొరని డబ్బాలో రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి కనుకనే ఈ పంపకం సాధ్యమవుతుంది.

ఇందులోనూ పొరపాట్లు జరిగే చోట్లు ఉన్నాయి. నాన్‌ఖటాయ్ వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. గట్టిపడలేదని మరో ఐదు నిమిషాలు ఉంచితే చల్లారాక రాయిలా అవుతుంది. అడుగు అంచు లేత గోధుమ రంగుకు రాగానే ట్రే తీసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఎండాకాలంలో నెయ్యి కరిగి ఉండలు పరచుకుపోతుంటే, ముద్దను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తరువాత కాల్చాలి. అన్నిటికంటే ఎక్కువ నష్టం వెచ్చగా ఉండగానే ప్యాక్ చేయడం వల్ల జరుగుతుంది. కవరు లోపల సన్నని ఆవిరి పట్టి, మూడో రోజుకే బిస్కట్ మెత్తబడుతుంది. మీ బిస్కట్లు మీ ఇంటి వాతావరణంలో ఎన్నాళ్లు నిలుస్తాయో తెలుసుకోవాలంటే, ఒకే వాయిలోని మూడు ప్యాకెట్లపై తేదీ రాసి పక్కన పెట్టి, ఏడో రోజున, పద్నాలుగో రోజున, ఇరవయ్యొకటో రోజున ఒక్కొక్కటి విప్పి చూడండి. విరిచినప్పుడు చప్పుడు రాకపోయినా, పాత నెయ్యి వాసన తగిలినా, అంతకు ముందు వారాన్నే గడువుగా ముద్రించాలి. ఓవెన్ మీటలోని డిగ్రీలను నమ్మకుండా, లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. ఆ రెండిటి మధ్య 15, 20 డిగ్రీల తేడా ఉండడం మామూలే.

పండుగ డబ్బాలను నేను వేరే వ్యాపారంగా చూడను. దీపావళి డబ్బాలో పెట్టేది ఈ బిస్కట్లే. గుడ్డు లేనివి కనుక ఎవరి ఇంటికైనా నిస్సంకోచంగా పంపవచ్చు. క్రిస్మస్‌కు మాత్రం ప్లమ్ కేకు ప్రత్యేకంగా చేయదగినది. అరకిలో లోఫ్ టిన్నులు రెండు పక్కపక్కన పడతాయి, 150 డిగ్రీల వద్ద గంటకు పైగా కాలుతుంది, బాగా కట్టి ఉంచితే రోజులు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. డిసెంబరు రెండో వారంలోనే మొదలుపెట్టవచ్చు. కాల్చిన కజ్జికాయలు ఎంత శ్రద్ధగా చేసినా నూనెలో వేయించినవాటి పక్కన పెడితే పైపొర గట్టిగా అనిపిస్తుంది కనుక, అడిగినవారికి తప్ప చేయవద్దనే చెబుతాను. పఫ్‌లు ఆనాటివి ఆనాడే అమ్ముడుపోవాలి, వీధి చివరి బేకరీ ధరతో పోటీ పడాలి. ఈ ఓవెన్‌కు అవి తగవు.

ఏది ఎంచుకున్నా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు తప్పనిసరి. ప్యాకెట్‌పై తయారీ తేదీ, పదార్థాల జాబితా, శాకాహార గుర్తు లేదా గుడ్డు వేసినవాటికి మాంసాహార గుర్తు ఉండాలి.

బిస్కట్లతో మొదలుపెట్టి, క్రీమ్ కేకులను ఆ తరువాత చేర్చుకోవచ్చు. క్రీమ్ లేని టీ కేకులను రెండు, మూడు నెలలు అమ్మి, స్పాంజి ప్రతిసారీ ఒకేలా పొంగుతున్నదని తేలిన తరువాత, ఫ్రిజ్‌లో పట్టినన్ని కేకులకు మాత్రమే ఆర్డర్లు తీసుకోవాలి. చాలా ఇళ్లలో ఆ సంఖ్య రోజుకు రెండే.