స్క్రీన్ షేరా, షేర్డ్ ఎడిటరా?

కావలిలో కరెంటు పోయి రౌటర్ ఆగింది, ఆన్‌లైన్ కోడింగ్ ఇంటర్వ్యూ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తోంది అనుకోండి. స్క్రీన్ షేర్ మీ తెరను వీడియోగా పంపుతుంది. అప్‌లోడ్ తగ్గితే ముందు చెడేవి చిన్న అక్షరాలే. మీకు శుభ్రంగా కనిపించే కోడ్ అవతలి వాళ్లకి అలుక్కుపోయి ఉంటుంది, మీకేమో తెలియదు. అందుకే అక్షరాల సైజు 18కి పెంచి, మొత్తం తెర కాకుండా ఎడిటర్ విండో ఒక్కటే పంచండి. వాట్సాప్ మెసేజీలు కూడా బయటపడవు.

షేర్డ్ ఎడిటర్ అంటే మీరూ, ఇంటర్వ్యూ చేసేవాళ్లూ బ్రౌజర్‌లో ఒకే కోడ్ పేజీ తెరుచుకోవడం. అందులో వెళ్లేవి ప్రధానంగా మీరు కొట్టే అక్షరాలే. నెట్ నీరసించి కెమెరా ఆపేయాల్సి వచ్చినా కోడ్ నిలుస్తుంది. హాట్‌స్పాట్ మీదైతే నా ఓటు దీనికే. కాకపోతే టైప్ చేస్తుంటే మీ ఎడిటర్ ఇచ్చే అలవాటైన సూచనలు అన్నీ రాకపోవచ్చు, కొన్నిట్లో కోడ్ రన్ కూడా కాదు. డీబగ్ చేసి చూపించాలంటే మళ్లీ స్క్రీన్ షేరే దిక్కు.

ఎందులోనైనా మాట ముందు, టైపింగ్ తర్వాత. ఉదాహరణకి, కూడితే target వచ్చే రెండు సంఖ్యలు వెతికే లెక్కలో:

```python
if target - x in seen:
```

"దీని జత ఇంతకుముందే వచ్చిందేమో చూస్తున్నా" అనేసి, ఊరుకుని కొట్టండి. ల్యాప్‌టాప్ మైకు కీలకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, రెండూ ఒకేసారి చేస్తే టకటకలే వినిపిస్తాయి.