బిరియానీ హోటల్లో రోజువారీ సేల్స్, వేస్టేజీ రిపోర్టు: రెండేళ్లు వాడాక

హైదరాబాదులో బిరియానీయే ప్రధానంగా నడిచే ఒక హోటల్లో రెండేళ్లుగా వాడుతున్న రిపోర్టు ఇది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి రోజూ రెండు సీఎస్‌వీ ఫైళ్లు దించుకుని గూగుల్ షీట్స్‌లో వేస్తాం. మొదటిది ఐటమ్ వారీ అమ్మకాలు, రెండోది రద్దయిన కేఓటీలు, అంటే వంటింటికి వెళ్లాక కొట్టేసిన ఆర్డరు చీటీలు. వీటికి తోడు కిచెన్‌లో చేత్తో రాసే వేస్టేజీ పుస్తకం ఉంటుంది. అన్నీ కలిపి ఎక్కించడానికి రోజుకు పదిహేను నిమిషాలు పడుతుంది. అమ్మకాల లెక్క వరకు ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. వేస్టేజీ లెక్కను మాత్రం ఒక్కరోజు అంకె చూసి నమ్మకూడదు, వారం చూసి నమ్మాలి. ఎందుకో తెలియాలంటే ఒక రోజు లెక్కను చివరిదాకా వేసి చూడాలి.

ఆ రోజు పది కిలోల బియ్యంతో మూడు హండీలు దింపారు, మొత్తం ముప్పై కిలోల పచ్చి బియ్యం. కచ్చి దమ్ కాబట్టి ముక్కలు అడుగున, రైస్ పైన ఉంటాయి. రోజూ హండీ మొత్తాన్ని తూచినా రైస్ ఎంతో తేలదు. అందుకని ఒక్కసారి రెండు, మూడు హండీలను పూర్తిగా ట్రేల్లోకి తీసి, ముక్కలు వేరు చేసి రైస్ మాత్రమే తూచాం. కిలో పచ్చి బియ్యానికి 2.6 కిలోల రైస్ వచ్చింది. షీట్‌లో ఆ అంకెనే పెట్టుకున్నాం. ఆ లెక్కన ఆ రోజు వండింది 78 కిలోలు.

అమ్మకాల ఫైల్లో ఫుల్ 60, సింగిల్ 32, ఫ్యామిలీ ప్యాక్ 8 ఉన్నాయి. ఫుల్‌కు 600 గ్రాములు, సింగిల్‌కు 350, ఫ్యామిలీ ప్యాక్‌కు 1600 గ్రాముల రైస్ అని రెసిపీ షీట్‌లో ఉంది. అంటే 36, 11.2, 12.8 కిలోలు కలిపి సరిగ్గా 60 కిలోలు అమ్ముడయ్యాయి. వేస్టేజీ పుస్తకంలో అడుగంటింది 2.5 కిలోలు, రాత్రి మిగిలి పారేసింది 6.5, స్టాఫ్ భోజనానికి వెళ్లింది 4. ఇది 13 కిలోలు. 78లో 73కి లెక్క చిక్కింది, 5 కిలోలకు చిక్కలేదు.

ఈ అయిదు కిలోలు చూడగానే చాలామంది ఓనర్లు వంటవాళ్లను పిలిచి నిలదీస్తారు. ముందు రెండో ఫైలు తెరవాలి. ఆ రోజు మూడు ఫుల్ బిరియానీల కేఓటీలు వడ్డించాక రద్దయ్యాయి, అది 1.8 కిలోలు. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన ఎన్.సీ. బిల్లుల్లో రెండు ఫుల్స్ ఉన్నాయి, అది 1.2 కిలోలు. సాధారణ అమ్మకాల ఎక్స్‌పోర్టులో ఈ రెండూ కనిపించవు, ఎందుకంటే వాటికి అమ్మకం విలువ లేదు. కానీ రైస్ మాత్రం హండీలోంచి పోయింది. వాటిని కలిపాక మిగిలిన తేడా 2 కిలోలు. వంద పార్సిళ్లు, ప్లేట్లకు పంచితే ఒక్కోదానికి 20 గ్రాములు. గరిటె కొంచెం నిండుగా పడితే అంత తేడా వచ్చేస్తుంది.

అయితే ఇక్కడే ఆగాలి. 2.6కి బదులు ఆ రోజు బియ్యం 2.5 మాత్రమే పెరిగి ఉంటే వండింది 75 కిలోలే. అప్పుడు తేడా రెండు కిలోల లోటు కాదు, ఒక కిలో మిగులు. పాత బాస్మతి నీళ్లు బాగా పీలుస్తుంది, కొత్త బియ్యం అంత పీల్చదు. బియ్యం లాటు మారిన వారమే తేడా ఒక్కసారిగా మారితే అది దొంగతనమూ కాదు, గరిటె తప్పూ కాదు, ఈ అంకె తప్పు. లాటు మారినప్పుడల్లా ఒక హండీ తూచి అంకె సరిచేయడం మొదలుపెట్టాకే ఈ కాలమ్ పనికొచ్చింది. తేడా మైనస్‌లోకి, అంటే వండినదానికంటే ఎక్కువ ఖర్చయినట్టు వస్తే దాదాపు ప్రతిసారీ కారణం ఇదే. లేదంటే సింగిల్‌ను పొరపాటున ఫుల్‌గా రెసిపీలో కలిపి ఉంటారు.

ప్లేటు తూకాలు కూడా వంటవాడిని అడిగి రాసుకునేవి కావు. రద్దీ వేళ పది ఫుల్స్ వరసగా తూచి సగటు తీయాలి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు తూస్తే అందరూ జాగ్రత్తగా వడ్డిస్తారు, ఆ అంకె రాత్రి ఎనిమిదిన్నరకు చెల్లదు.

ఇక అమ్మకాల ఫైలు. రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉండే హోటల్లో తేదీయే మొదటి చిక్కు. ఎక్స్‌పోర్టు పన్నెండు దాటగానే తేదీ మార్చేస్తుంది, హండీ మాత్రం నిన్నటిదే. శనివారం హండీ రైస్ ఆదివారం అమ్మకంలో పడుతుంది, శనివారం వేస్టేజీ ఎక్కువగా, ఆదివారం తక్కువగా కనిపిస్తుంది. బిల్లు సమయం C కాలమ్‌లో ఉంటే పక్కన వ్యాపార రోజు కోసం ఈ ఫార్ములా పెట్టి, దాని ఫార్మాట్ తేదీగా మార్చాలి:

```
=INT(C2-TIME(4,0,0))
```

తెల్లవారి నాలుగు లోపు బిల్లులన్నీ ముందు రోజుకు వెళతాయి. టిఫిన్లు మూడున్నరకే మొదలయ్యే చోటయితే నాలుగు బదులు మూడు పెట్టుకోవాలి.

తేదీలో ఇంకో మోసం ఉంది. షీట్ లొకేల్ అమెరికాగా ఉంటే మార్చి 5 కోసం ఫైల్లో ఉన్న 05-03ను మే 3గా చదువుతుంది. పదమూడో తేదీ నుంచి నెలగా చదవడం కుదరక అక్షరాలుగా వదిలేస్తుంది, అప్పుడు పైన ఇచ్చిన ఫార్ములా తప్పు చూపిస్తుంది కాబట్టి పట్టుబడుతుంది. మొదటి పన్నెండు రోజులు మాత్రం ఏ తప్పూ చూపకుండా వేరే నెలలో కూర్చుంటాయి. నెల మొదట్లో కొత్త షీట్ మొదలుపెట్టే వాళ్లు పన్నెండు రోజుల దాకా ఏమీ గమనించరు. File మెనూలో Settings తెరిచి Locale దగ్గర India ఎంచుకున్నాకే మొదటి ఫైలు ఎక్కించాలి, తర్వాత మార్చితే అప్పటికే మారిపోయిన తేదీలు వెనక్కి రావు.

ఐటమ్ పేర్లు అన్నిటికంటే ఎక్కువ విసిగిస్తాయి. కౌంటర్‌లో ఒక పేరు, ఆన్‌లైన్ మెనూలో బ్రాకెట్ పెట్టిన అదే పేరు, పండగ ఆఫర్‌లో కూల్‌డ్రింక్‌తో కలిపిన కాంబో పేరు వస్తాయి. రెసిపీ షీట్‌లో లేని పేరు వస్తే ఆ అమ్మకం రైస్ లెక్కలో సున్నా అవుతుంది, తేడా పెరుగుతుంది, కిచెన్ మాట పడుతుంది. అందుకే రిపోర్టు పైనే ఈ సెల్ పెట్టాం, map షీట్ A కాలమ్‌లో తెలిసిన పేర్లన్నీ ఉంటాయి:

```
=SUMPRODUCT((B2:B<>"")*(COUNTIF(map!A:A,B2:B)=0))
```

ఇది సున్నా అయ్యేదాకా కింద ఏ అంకె చూడకూడదన్నది మా నియమం. ఇది పేరు తప్పులను పట్టుకుంటుంది కానీ ఎక్స్‌ట్రా రైస్ లాంటి యాడ్-ఆన్‌లను పట్టుకోదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌ల ఐటమ్ వారీ ఎక్స్‌పోర్టులో యాడ్-ఆన్ అసలు రాదు, దాని డబ్బు మాత్రం బిరియానీ ధరలో కలిసిపోతుంది. ఒక ఎక్స్‌ట్రా రైస్ ఉన్న బిల్లు కొట్టి, ఫైలు దించి, అది విడి వరసగా వచ్చిందో లేదో చూసుకోవాలి. రాకపోతే దాన్ని మెనూలో విడి ఐటమ్‌గా పెట్టించడమే దారి.

డబ్బు లెక్కలో ఒకే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. 2022 జనవరి 1 నుంచి స్విగ్గీ, జొమాటో లాంటి వాటి ద్వారా వచ్చే హోటల్ ఆర్డర్ల మీద జీఎస్టీ ఆ సంస్థలే కడుతున్నాయి. కాబట్టి చాలా ఎక్స్‌పోర్టుల్లో ఆన్‌లైన్ బిల్లు మొత్తంలో పన్ను కలిసి ఉండదు, కౌంటర్ బిల్లులో 5 శాతం కలిసి ఉంటుంది. అన్నిటినీ 1.05తో భాగిస్తే 10,500 రూపాయల ఆన్‌లైన్ అమ్మకం పదివేలుగా మారి అయిదువందలు మాయమవుతాయి. పన్ను కాలమ్ ఉంటే మొత్తంలోంచి దాన్నే తీసివేయాలి, భాగించకూడదు. రోజు చివర వచ్చే అంకె బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డే-ఎండ్ రిపోర్టుతో సరిపోవాలి. బిల్లు మీద ఇచ్చిన డిస్కౌంటు, ప్యాకింగ్ ఛార్జీ, పైసల రౌండింగ్ ఐటమ్ ఫైల్లో ఉండవు కాబట్టి వాటిని విడిగా కలుపుకుని పోల్చాలి.

పారేసిన రైస్‌కు విలువ కట్టేటప్పుడు మెనూ ధర వాడొద్దు. పైన చెప్పిన రోజు అడుగంటింది, మిగిలింది కలిపి 9 కిలోలు. ఫుల్ ధర 320 అనుకుంటే పదిహేను ప్లేట్లు, 4,800 రూపాయలు పోయినట్టు కనిపిస్తుంది. కానీ బియ్యం, నూనె, మసాలా కలిపి కిలో రైస్‌కు 70 రూపాయలు పడితే పోయింది 630. మెనూ ధర వేసి చూస్తే ఓనరు మర్నాడు ఒక హండీ తగ్గించమంటాడు. తొమ్మిదిన్నరకే బిరియానీ అయిపోతే అప్పుడు పోయేవి నిజంగా మెనూ ధర రూపాయలే, అవి ఏ ఎక్స్‌పోర్టులోనూ కనిపించవు. అందుకే వేస్టేజీ పక్కనే చివరి బిరియానీ బిల్లు సమయం చూపించే కాలమ్ ఒకటి చేర్చాం. ఆరున్నర కిలోలు మిగిలిన రోజు చివరి బిల్లు 12:40కి ఉంటే సమస్య చిన్నది, చివరి హండీని ఏడున్నర కిలోలతో పెడితే సరిపోతుంది. మిగులు సున్నా, చివరి బిల్లు 9:35 ఉన్న రోజే అసలు నష్టం.

పాత బిల్లులను మర్నాడు సవరించే అలవాటు కౌంటర్‌లో ఉంటుంది. అందుకే నిన్నటి ఫైలు ఒక్కటే కాదు, గత మూడు రోజులదీ మళ్లీ దించి పాత వరసలు తుడిచి అతికిస్తాం. తుడవకుండా కింద అతికిస్తే అమ్మకం రెట్టింపవుతుంది. రెండుసార్లు పడ్డ బిల్లును పట్టుకోవడానికి నంబరు ఒక్కటే చాలదు, ఏప్రిల్ 1న చాలా చోట్ల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. తేదీ, నంబరు కలిపి చూడాలి.

ఏడాది డేటా ఒకే ఫైల్లో ఉంచడం మాకు కుదరలేదు. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలుకు కోటి సెల్స్ పరిమితి, రోజుకు 600 వరసలు, 12 కాలమ్‌లంటే దాదాపు నాలుగేళ్లు పట్టాలి. కానీ అంతకు చాలా ముందే, ఆరో నెలకే ఫార్ములాలు తిరగడం ఆలస్యమైంది. ఇప్పుడు నెలకో ఫైలు, రోజుకు ఒక్క వరస మాత్రం ఏడాది ఫైలుకు వెళుతుంది.

ముక్కల లెక్క మాత్రం ఈ రిపోర్టుతో ఇప్పటికీ సరిగ్గా రావడం లేదు. ఫుల్‌కు మూడు ముక్కలని రెసిపీలో రాస్తాం, వడ్డించేవాడు చిన్న ముక్కలు పడితే నాలుగు వేస్తాడు, అది న్యాయమే. సంఖ్యతో లెక్కేస్తే రోజూ లోటే కనిపిస్తుంది. మారినేట్ చేసేముందు చికెన్‌ను తూచి, కొనుగోలు కిలోలను వారం అమ్మకాలతో పోల్చడం వరకే మేం ఆగాం, రోజువారీ షీట్‌లో ఆ కాలమ్ తీసేశాం.